మూల తొంభై కాదు

మంచం జరిపి ఊడుస్తుంటే చీపురుకు తగిలి స్కర్టింగ్ పలక ఊడి పడింది. ఎనిమిదడుగుల పలక, కొట్టలేదు, గుంజలేదు, దానంతట అదే గోడను వదిలేసింది. తిరగేసి చూస్తే వెనక జిగురు చెక్కుచెదరకుండా ఉంది. ఆ జిగురు మీద అప్పడంలా తెల్లటి పొర ఒకటి అంటుకుని వచ్చింది, మా గోడకు పూసిన పుట్టీ అది. గోడ మీద ఆ మేరకు బూడిదరంగు ప్లాస్టర్ బయటపడింది. అంటే జిగురు తన పని తాను చేసింది. అది పట్టుకున్న పుట్టీయే గోడను పట్టుకోలేదు.

మన ఇళ్ళలో స్కర్టింగ్ అంటే చాలామందికి నాలుగంగుళాల టైలు ముక్కే గుర్తొస్తుంది. నేలకు పరిచిన టైలునే పట్టీలుగా కోసి, సిమెంటుతో గోడకు అంటిస్తారు, తడిగుడ్డ నీళ్ళు గోడకు తగలకుండా. పడకగదిలో లామినేట్ ఫ్లోరింగ్ వేయించుకున్నవాళ్ళకు మాత్రం ఈ చెక్క పలక తప్పదు. లామినేట్ పలకలు గాలిలో తేమను బట్టి కాస్త సాగుతాయి, కాస్త ముడుచుకుంటాయి. అందుకే నాలుగు గోడల వెంట ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్ల ఖాళీ వదిలి పరుస్తారు. ఆ ఖాళీని కప్పేదే స్కర్టింగ్. పలకను గోడకే బిగించాలి గానీ కింది ఫ్లోరింగ్‌కు జిగురు తగలకూడదు, మేకు దిగకూడదు. దిగితే ఫ్లోరింగ్ కదలలేక మధ్యలో ఎక్కడో పొంగుతుంది.

మా గదికి పలకలు బిగించిన కాంట్రాక్టరు ఒక్క పూటలో పని ముగించి వెళ్ళాడు. మేకులు లేవు, ఒట్టి జిగురే. ఆ వానాకాలం దాటగానే మొదటి పలక, దసరాకు రెండోది ఊడాయి. ఊడని వాటి మూలల్లో సందులు పడ్డాయి. ఈసారి నల్లగొండ వైపు నుంచి వచ్చి నగరంలో స్థిరపడ్డ ఒక వడ్ల మేస్త్రిని పిలిచాను. రెండు రోజులు ఆయన వెనకే తిరిగాను. గది చూడగానే ఆయన అన్నమాట: "గోడ సక్కగుంటె ఇది అరపూట పని సార్. గోడ యాడుంటది సక్కగ?"

ఆయన చేతిలో ఉన్నవి పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం, నాలుగంగుళాల ఎత్తు ఉన్న ఎం.డి.ఎఫ్. పలకలు. కింది మూడంగుళాలు చదును, పై అంగుళంలో గుండ్రంగా చెక్కిన వంపు. ఆ వంపు వల్లే మూలల దగ్గర పని కష్టం. ఒట్టి చదును పట్టీ అయితే ఒకదానికి ఇంకోటి ఆనించి వదిలేయొచ్చు.

మొదటి పని పలక మీద కాదు, గోడ మీద. గోడ పొడవునా నాలుగంగుళాలకు కొంచెం తక్కువ ఎత్తులో పెన్సిల్ గీత గీసి, దానికింద పుట్టీనంతా స్క్రేపర్‌తో గీకేశాడు. రంగు ఎలాగూ పలక చాటున పడుతుంది కాబట్టి పోయేదేం లేదు. బూడిదరంగు ప్లాస్టర్ కనబడేదాకా గీకి, బ్రష్‌తో దులిపి, తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చాడు. రాలిన పుట్టీ ఫ్లోరింగ్ చుట్టూ ఉన్న ఆ ఖాళీలో పడుతుంటే ఊరుకోలేదు, వాక్యూమ్ పెట్టి తీయించాడు. అది అక్కడ గట్టిపడితే వదిలిన ఖాళీకి అర్థం లేదు.

గోడ ఎంత గట్టిగా ఉందో చూడడానికి ఆయన చేసిన పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. పలక ముక్క ఒకటి జిగురుతో అంటించి, ఒక రోజు ఆగి, గుంజి చూడాలి. ముక్క వెనక తెల్లపొర వచ్చిందా, పుట్టీయో రంగో బలహీనమని. జిగురే రెండుగా చీలి సగం గోడకూ సగం చెక్కకూ మిగిలిందా, గోడ బాగున్నట్టు. జిగురు నున్నగా, గోడ గరుకు దాని మీద అచ్చు పడకుండా ఉందా, గోడకు నొక్కేలోపే జిగురు మీద తొడుగు కట్టిందన్నమాట. మూడోది పనివాడి తప్పు. నాలుగు పలకలకు ఒకేసారి జిగురు పెట్టుకుని ఒక్కొక్కటే బిగిస్తూ పోతే, ఎండాకాలం ఫ్యాను గాలికి నాలుగోదానికి కచ్చితంగా అదే జరుగుతుంది.

ఇక్కడ జిగురంటే వడ్రంగులు చెక్కకూ చెక్కకూ వాడే తెల్ల జిగురు కాదు. అది పల్చటి పొరగా, బిగించి పెట్టిన చోట ఆరితేనే పనిచేస్తుంది. గోడకూ పలకకూ మధ్య ఒకచోట ఒక మిల్లీమీటరు, ఇంకోచోట మూడు మిల్లీమీటర్లు ఖాళీ ఉంటుంది. దాన్ని నింపగల చిక్కటి జిగురు కావాలి. సిలికాన్ లాగే గొట్టాల్లో వస్తుంది, గన్‌లో పెట్టి నొక్కుతారు. మేస్త్రి దాన్ని పలక వెనక పాములా మెలికలు తిప్పుతూ పెట్టాడు, పై అంచుకు ముప్పావంగుళం దూరంలో ఆపి. అంచు దాకా పెడితే నొక్కినప్పుడు పైకి ఉబికి గోడ రంగును పాడుచేస్తుంది.

జిగురు ఇంత బాగుంటే మేకులెందుకు అని అడిగాను. జిగురు గట్టిపడడానికి ఒక రోజు పడుతుంది, గోడ ఆ రోజంతా పలకను వెనక్కి తోస్తూనే ఉంటుంది అన్నాడు. గోడలో గుంట ఉన్నచోట పలకను వంచి ఆనిస్తాం కదా, వంచింది నిటారు కావాలనే చూస్తుంది. అప్పటిదాకా ఆపేది మేకు. ఆ తర్వాత పలక పొడవునా బరువు పంచుకునేది జిగురు. రెంటిలో ఏ ఒక్కటీ రెండోదాని పని చేయలేదు.

మేకుల్లోనూ రెండు రకాలు వాడాడు. ఒకటి కంప్రెసర్ గన్‌తో కొట్టే సన్నటి పిన్నులు, ఒకటిన్నర అంగుళాలవి. ఇవి పలక దాటి ప్లాస్టర్‌లోకి దిగుతాయి, ఇటుక తగిలితే వంగిపోతాయి. నిటారుగా ఒక్కటి కొడితే నెమ్మదిగా జారి వచ్చేస్తుంది. అందుకని జంటగా, ఒకటి ఎడమకు వాలుగా, ఒకటి కుడికి వాలుగా కొట్టాడు. అలా కొట్టిన జంట పలకను సూటిగా బయటికి రానివ్వదు. పలకకు రెండు చివర్లా, మధ్యలో రెండేసి అడుగులకొకటి చొప్పున రెండంగుళాల స్టీలు మేకులు. ఇవి ప్లాస్టర్ దాటి ఇటుకలోకి వెళ్తాయి. వీటికి ముందుగా పలకలో సన్నటి డ్రిల్లుతో బెజ్జం వేశాడు, లేకపోతే ఎం.డి.ఎఫ్. మేకు చుట్టూ బుడిపెలా ఉబ్బుతుంది. పంచ్‌తో తల లోపలికి దిగ్గొట్టి పైన లప్పం పెట్టాడు. పిల్లర్ దగ్గర మాత్రం కాంక్రీటులోకి మేకు దిగదు, ఎగిరి కంట్లో పడే ప్రమాదం. అక్కడ ఐదంగుళాల ముక్కలే కాబట్టి జిగురు పెట్టి, ఆరేదాకా టేపు బిగించి వదిలేశాడు. స్విచ్చు బోర్డులకూ ప్లగ్గులకూ సూటిగా కిందా, బాత్రూం పక్క గోడకూ స్టీలు మేకు కొట్టనేలేదు. వైరు గొట్టం, నీళ్ళ పైపు ఎటు పోతున్నాయో కట్టినవాడికి కూడా గుర్తుండదు.

మూలల పని మొదలయ్యాక అసలు సంగతి తెలిసింది. మా గదిలో తలుపుకు ఎదురు గోడ పదకొండడుగులు, కుడి గోడ పన్నెండు. కుడి గోడ మధ్యలో పిల్లర్ ఐదంగుళాలు లోపలికి పొడుచుకొచ్చింది. అంటే గది నాలుగు మూలలే కాక, పిల్లర్ వల్ల మరో రెండు లోమూలలు, రెండు వెలిమూలలు. పాత కాంట్రాక్టరు అన్నింటినీ 45 డిగ్రీలకు కోసి అంటించాడు. నలభై ఐదూ నలభై ఐదూ తొంభై, నిజమే. గోడ తొంభైలో ఉంటే.

వెలిమూల కోణం తెలుసుకోవడానికి మేస్త్రి డిగ్రీల పరికరం వాడలేదు. పలక ముక్కను పిల్లర్ ఒక ముఖానికి ఆనించి, దాని ముందు అంచు వెంట నేల మీద అంటించిన కాగితం టేపుపై గీత గీశాడు, మూల దాటి కొంచెం ముందుకు వెళ్ళేలా. రెండో ముఖానికి ఆనించి అలాగే ఇంకో గీత. రెండు గీతలూ ఒకచోట ఖండించుకున్నాయి. ఆ చుక్క నుంచి పిల్లర్ మూలకు గీత కలిపితే అదే కోత. తొంభైకి ఎంత తక్కువున్నా ఎక్కువున్నా ఆ గీత మూలను సరిగ్గా రెండుగా పంచుతుంది. రెండు రేకులను మరమేకుతో బిగించిన బెవెల్ గేజ్‌ను ఆ గీతకు తెరిచి మైటర్ రంపం పక్కన పెడితే, రంపం స్కేలు నలభై ఆరున్నర చూపించింది. లెక్క వేసి చూసుకున్నాను: మూల 87 డిగ్రీలు. దానిలో సగం నలభై మూడున్నర. రంపం స్కేలు నిలువు కోత నుంచి కొలుస్తుంది కాబట్టి తొంభైలోంచి అది తీసేస్తే నలభై ఆరున్నర.

ఆ ఒకటిన్నర డిగ్రీ వదిలేస్తే ఏమవుతుంది? తొంభై కన్నా సన్నటి వెలిమూలకు 45కి కోసిన పలకలు పెడితే, వెనక అంచులు ముందు తాకి, ముందు వైపు నోరు తెరుస్తాయి. పద్దెనిమిది మిల్లీమీటర్ల పలకలో ఆ కోత ముఖం పొడవు దాదాపు ఇరవై ఐదు మిల్లీమీటర్లు. రెండింటి మధ్య మూడు డిగ్రీల తేడా వస్తే ముందు సందు ఒక మిల్లీమీటరు దాటుతుంది. తెల్ల రంగు వేసిన పలక మీద ఒక మిల్లీమీటరు నల్లగీత గది అవతలి నుంచి కనిపిస్తుంది. మూల తొంభై కన్నా వెడల్పైతే దీనికి తిరగబడి, ముందు కలిసి వెనక విడుతుంది. అది కంటికి కనబడదు, జిగురు నింపుకుంటుంది. అందుకే మేస్త్రి ప్రతి వెలిమూలకూ గీత చెప్పినదాని కన్నా అర డిగ్రీ ఎక్కువే కోశాడు. ముందు అంచులు కచ్చితంగా తాకాలి, వెనక ఏమున్నా ఫర్వాలేదని. కోసిన ముఖాలకు మాత్రం తెల్ల జిగురు రాశాడు, ఇక్కడ చెక్కకు చెక్కే కదా.

కొలత ఎక్కడ పెట్టాలన్నదీ ఇక్కడ తేలాలి. వెలిమూలలో పలక ముందు ముఖం వెనకదాని కన్నా పొడుగు, మా పిల్లర్ దగ్గర ఒక్కో పక్క పంతొమ్మిది మిల్లీమీటర్లు. టేపుతో గోడ కొలిచి, ఆ కొలతను ముందు ముఖం మీద గుర్తుపెట్టి కోస్తే పలక అంత పొట్టి అవుతుంది. మేస్త్రి టేపు ముట్టుకోలేదు. పలకను గోడకు ఆనించి, పిల్లర్ మూల తగిలే చోట వెనక వైపే గుర్తు గీసుకున్నాడు.

లోమూలలకు ఆయన మైటర్ వేయనే లేదు. కారణం అడిగితే పాత పలకల మూల చూపించాడు. కోసిన రోజు ఆ రెండూ కలిసే ఉండి ఉంటాయి. జిగురు ఆరేకొద్దీ, గోడకు నొక్కుకునేకొద్దీ ఒక్కో పలక తన గోడ వైపుకు అర మిల్లీమీటరు జరుగుతుంది. లోమూలలో అలా జరగడమంటే రెండూ ఒకదానికొకటి దూరం కావడమే. పైగా లోమూలల్లో తాపీ తిరగక ప్లాస్టర్ మందంగా, గుండ్రంగా మిగిలిపోతుంది. అందుకని ఒక పలకను గోడ దాకా నిలువు కోతతో పంపించేసి, రెండోదాన్ని దాని ముఖం మీద కూర్చునేలా చెక్కుతారు. ఇంగ్లీషు వడ్రంగం దీన్ని స్క్రైబింగ్ అంటుంది, కోపింగ్ అనీ అంటారు. మా మేస్త్రి "ముద్ర కోత" అన్నాడు. ఆ మాట ఆయన సొంతమో వాళ్ళ ఊరిదో గానీ, నాకు బాగా నచ్చింది.

ఇదీ ఆ కోత. రెండో పలకను మొదట మామూలుగా 45కి, ముందు వైపు చెక్క కనబడేలా కోశాడు. అప్పుడు ఆ వాలు కోతకూ పలక ముందు ముఖానికీ మధ్య అంచు, మొదటి పలక అడ్డుకోత ఆకారాన్ని అచ్చు గుద్దినట్టు చూపిస్తుంది. పెన్సిల్ ముక్కును అడ్డంగా పెట్టి ఆ అంచును నల్లగా దిద్దాడు. కింది చదును మూడంగుళాలను చేతిరంపంతో, పై వంపును విల్లులాంటి చట్రంలో సన్నటి బ్లేడు ఉన్న కోపింగ్ రంపంతో ఆ నల్లగీత వెంట కోశాడు. కోసేటప్పుడు రంపాన్ని నిటారుగా పట్టలేదు, పలక వెనక్కి వాల్చి పట్టాడు. అలా చేస్తే ముందు గీత ఒక్కటే పదునుగా మిగిలి, వెనక చెక్క లోపలికి తగ్గిపోతుంది. మొదటి పలకకు తాకేది ఆ ఒక్క గీతే. మిగిలిన బుడిపెలను అర్ధచంద్రాకారపు ఆకురాయితో నాలుగైదు తిప్పులు తిప్పాడు. కొత్త చేతికి వంపు పైకొసన పల్చగా మిగిలే కోర విరిగిపోవడం మామూలే. రాకముందే రెండు తుండుముక్కల మీద అలవాటు చేసుకోమన్నాడు, నేను మూడు విరగ్గొట్టాను.

ఇలా చెక్కిన మూల గోడ జరిగినా నోరు తెరవదు. రెండో పలక కొద్దిగా కదిలితే మొదటిదాని ముఖం మీదే జారుతుంది. ఏది మొదటిది, ఏది రెండోది అన్నదానికీ ఒక పద్ధతి ఉంది. తలుపు తీయగానే ఎదురుగా కనబడే గోడ పలకను ముందు బిగించి, పక్క గోడలవాటిని దాని మీదకు చెక్కాడు. అప్పుడు సందు ఏదైనా ఉన్నా గుమ్మంలో నిలబడ్డవాడి చూపు దానిలోకి నేరుగా పడదు.

ఎడమ మూలలో మాత్రం ఇది ఒక్కసారికి కుదరలేదు. అక్కడ ఎదురు గోడ కింద ప్లాస్టర్ ముందుకు పొంగి ఉంది. దాని మీద బిగించిన పలక పై అంచు కాస్త వెనక్కి వాలింది. నిలువుగా కోసిన రెండో పలకను పెడితే అడుగున తాకింది, పైన సూత్ సందు మిగిలింది. మేస్త్రీల లెక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు సూత్, అంటే మూడు మిల్లీమీటర్లు. ఆయన కంపాస్ తీసి, ముల్లుకూ పెన్సిల్‌కూ మధ్య ఆ సూత్ దూరం ఉంచి బిగించాడు. ముల్లును వాలిన పలక ముఖం వెంట పైనుంచి కిందికి జారుస్తుంటే పెన్సిల్ రెండో పలక మీద అదే వాలును గీసింది. చదును భాగాన్ని ఆ గీతకు మళ్ళీ కోసి, వంపును ఆకురాయితో సర్దాడు. కంపాస్‌ను మధ్యలో కొంచెం తిప్పినా, కాళ్ళ దూరం మారినా గీత అబద్ధం చెబుతుంది. ముల్లూ పెన్సిలూ ఎప్పుడూ అడ్డంగా ఒకే వరసలో ఉండాలి.

మంచం తల ఆనే గోడది ఇంకో కథ. అల్యూమినియం పట్టీ పెట్టి చూస్తే మధ్యలో రెండు సూత్‌ల బొజ్జ. పలకను దానికి ఆనిస్తే మధ్యలో తాకి, రెండు పక్కలా గోడకు దూరంగా నిలబడింది. సూత్ లోపు సందైతే తెల్లటి అక్రిలిక్ ఫిల్లర్‌తో నింపి రంగు వేసేయొచ్చు (సిలికాన్ కాదు, దాని మీద రంగు నిలవదు). అంతకు మించితే ఆ గీత లావుగా కనిపిస్తుంది, ఎండాక పగులుతుంది. పొడవాటి, నెమ్మదైన వంపైతే ఎం.డి.ఎఫ్. వంగుతుంది, చివర్ల స్టీలు మేకులు లాగి ఉంచుతాయి. మా గోడ బొజ్జ రెండడుగుల్లోనే లేచి దిగింది, అంత కురచ వంపుకు పలక లొంగదు. అక్కడ పలకను నిటారుగా, బొజ్జకు తాకేలా నిలబెట్టి, కంపాస్ ముల్లును గోడ వెంట పోనిచ్చి పలక పై అంచు మీద గోడ వంకర గీత గీశాడు. తర్వాత పలకను పడుకోబెట్టి, వెనక వైపు ఆ గీత దాకా చిత్రిక పట్టాడు. మధ్యలో నాలుగు మిల్లీమీటర్లు పోయింది, మందం పద్నాలుగుకు దిగింది. ముందు ముఖం మాత్రం దారం పట్టినట్టు తిన్నగా ఉంది. మిగిలిన సందు సూత్ లోపే, ఫిల్లర్‌కు పోయింది. నిజానికి బొజ్జను ఉలితో చెక్కేసి మళ్ళీ ప్లాస్టర్ పూయడం తేలిక అనుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు, గోడ తడిపితే లామినేట్ కిందికి నీళ్ళు పోతాయని.

పలకలు ఎనిమిదడుగులే కాబట్టి ఎదురు గోడకు అతుకు తప్పలేదు. రెండు కొసలనూ 45 వాలుకు కోసి, ఒకదాని మీద ఒకటి ఎక్కేలా కలిపి, రెండింటినీ కుట్టేలా పిన్ను కొట్టాడు. అతుకు అల్మారా వెనక పడేలా ముందే చూసుకున్నాడు. నేల నుంచి పలకను రెండు మిల్లీమీటర్లు ఎత్తి ఉంచడానికి కింద మడిచిన అట్టముక్కలు పెట్టి, జిగురు ఆరాక తీసేశాడు. రంగు వేసేవాణ్ణి కూర్చోబెట్టి, బిగించకముందే ప్రతి పలక అడుగు అంచుకూ కోసిన కొసలకూ ప్రైమర్ రెండుసార్లు కొట్టించాడు. ఎం.డి.ఎఫ్. నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఆరినా తగ్గదు. తడిగుడ్డ పెట్టే ఇళ్ళలో మొదట పోయేది ఆ అడుగు అంచే.

ఇది జరిగి రెండు వానాకాలాలు అయింది. అల్మారా వెనక అతుకులో మాత్రం వెంట్రుకంత గీత వచ్చింది. అక్కడ పిన్ను ఒక్కటే కొట్టాడు.